ఎండ తగ్గాక పెరిగే నెత్తి వాసన: లెక్క చెమటది కాదు, తడిది

క్లుప్తంగా: తల నుంచి వచ్చే వాసన ఎంత చెమట పట్టిందన్న దాని మీద కన్నా, మాడు ఎన్ని గంటలు తడిగా ఉందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే 45 డిగ్రీల మే కన్నా, నాలుగు చినుకులు పడ్డ జూన్‌లో కంపు ఎక్కువ. ఎన్నిసార్లు కడిగారు, ఏ షాంపూ వాడారు అన్న ప్రశ్నలతో పాటు, ఏ పూట కడిగారు, కుదుళ్లు ఎప్పటికి ఆరాయి, ఏ నీళ్లతో కడిగారు అన్నవీ చూసుకోవాలి.

వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఏటా ఒకే ఫిర్యాదు వినపడుతుంది. ఎండాకాలమంతా చెమటలు కారినా ఏమీ అనిపించని తల, తొలకరి తర్వాత వాసన కొట్టడం మొదలవుతుంది. దిండు కవరు ముక్కిపోయినట్టుంటుంది. హెల్మెట్ తీస్తే పక్కనున్నవాళ్లు మొహం తిప్పుకుంటారు. పొద్దున షాంపూ పెట్టినా సాయంత్రానికి మళ్లీ అదే. చాలామంది షాంపూ మారుస్తారు, తర్వాత సెంటు కొడతారు, ఆ తర్వాత నీళ్లను తిడతారు. నీళ్ల తప్పు కొంత ఉన్న మాట నిజమే. అసలు కథ మాత్రం వేరే చోట ఉంది.

మే పొడి, జూన్ తడి

మనిషి ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. నుదురు, మాడు మీద అవి దట్టంగా ఉంటాయి. ఒళ్లు వేడెక్కగానే ముందు నుదురు చెమర్చడానికి కారణం అదే. ఈ చెమటలో దాదాపు అంతా నీళ్లే, మిగిలింది ఉప్పు, ఇంకా కొద్దిపాటి పదార్థాలు. అప్పుడే పుట్టిన తల చెమటకు వాసన ఉండదు. చంకలో ఉండే మరో రకం గ్రంథుల స్రావం వేరు, ఇది వేరు.

ఉత్తర తెలంగాణలో మే మధ్యాహ్నం ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు పోతుంది. అదే సమయంలో గాలిలో తేమ పాతిక శాతం లోపుకు పడిపోవడమూ మామూలే. వడగాలిలో చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది. తల పొడిగా అనిపిస్తుంది కానీ చెమట పట్టడం ఆగలేదు. టోపీ అంచున, షర్టు కాలరు మీద తేలే తెల్లటి ఉప్పు చారలే దానికి గుర్తు. నీరు పోయి ఉప్పు మిగిలిన చోట సూక్ష్మజీవులు అంతగా పెరగలేవు.

జూన్ రెండో వారం తర్వాత లెక్క తిరగబడుతుంది. ఎండ ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది. చెమట మే కన్నా తక్కువే పట్టవచ్చు, కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు కాబట్టి శరీరం ఇంకా చెమటను తోస్తుంది. దీన్నే ఉక్కపోత అంటారు. జుట్టు గాలిని అడ్డుకుంటుంది కాబట్టి చేతి మీద పది నిమిషాల్లో ఆరే తడి మాడు మీద గంటలు నిలుస్తుంది. వాన పడి ఆగిన ఆగస్టు, సెప్టెంబరు రోజులదీ ఇదే తంతు.

వాసన పుట్టే చోటు

మాడు మీద చెమట గ్రంథులతో పాటు జిడ్డు గ్రంథులు కూడా ఉంటాయి. ఒంటిలో మరే చోటా లేనంత దట్టంగా ముఖం, తల మీదే ఉంటాయి. వెంట్రుక మొదట్లోకి అవి వదిలే నూనె చర్మాన్ని కాపాడుతుంది. ఆ నూనెను తిని బతికేవి కొన్ని బ్యాక్టీరియా, మలసేజియా అనే ఒక రకం ఈస్ట్. ఇవి ప్రతి ఆరోగ్యవంతుడి తల మీదా ఉంటాయి, పూర్తిగా పోగొట్టడం కుదరదు, ఆ అవసరమూ లేదు.

మలసేజియా తన ఎంజైములతో జిడ్డును విరిచి కొవ్వు ఆమ్లాలుగా చేస్తుంది. కొన్నింటిని అది వాడుకుంటుంది, మిగిలినవి మాడు మీదే ఉండిపోతాయి. పాతబడ్డ నూనె డబ్బా మూత తీసినప్పుడు వచ్చే ఘాటు ఇలాంటి మార్పుల నుంచి వచ్చేదే. బ్యాక్టీరియా చెమటలోని, రాలిన చర్మంలోని పదార్థాలను విరిచి పుల్లటి వాసన గల ఆమ్లాలు తయారు చేస్తుంది. జున్ను వాసన, తడి సాక్స్ వాసన అని జనం చెప్పేది వీటి గురించే.

ఇక్కడ చెమట పాత్ర ఏమిటంటే, అది పొలంలో తడి పదునులా పని చేస్తుంది. విత్తనం ఉంది, ఎరువు ఉంది, పదును దొరికితేనే మొలక. జిడ్డు ఎంత ఉన్నా పొడి మాడు మీద ఈ పని నెమ్మదిగా సాగుతుంది, తడి నిలిస్తే ఊపందుకుంటుంది. కాబట్టి లెక్కపెట్టాల్సింది తల తడిగా ఉన్న గంటలను.

తలస్నానం చేసిన రోజే ఎక్కువ వాసన ఎందుకు?

ఇది వింతగా అనిపించినా చాలామంది అనుభవంలో ఉన్నదే. ఊహించిన ఒక ఉదాహరణతో చూద్దాం, గంటలన్నీ అందాజువే. హన్మకొండలో ఉండి స్కూటీ మీద పరకాల వెళ్లి ఉద్యోగం చేసే ఒక మహిళ. నడుము దాకా ఒత్తు జుట్టు. వారానికి రెండుసార్లు, బుధవారం, ఆదివారం తలకు పోసుకుంటుంది. మంగళవారం పోసుకోకూడదన్న ఇంటి ఆనవాయితీ కూడా ఉంది.

బుధవారం పొద్దున 6 గంటలకు తలస్నానం. తువ్వాలు చుట్టి వంటింటి పని. ముప్పావు గంట తర్వాత తువ్వాలు విప్పి, పైపైన తుడిచి, తడి జుట్టునే జడ వేస్తుంది. పావు తక్కువ ఎనిమిదికి స్కార్ఫ్, దాని మీద హెల్మెట్. సుమారు గంట ప్రయాణం. ఆఫీసులో స్కార్ఫ్ తీసేసరికి పైన జుట్టు ఆరినట్టే ఉంటుంది. జడ విప్పి చూస్తే లోపలి పాయలు చల్లగా, తడిగా తగులుతాయి. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని లోపలికి పీల్చుకోగలదు, అది కాక పాయల మధ్య ఇరుక్కున్న నీళ్లు వేరు. ఉక్కపోత రోజున అలా బిగించిన జడ పూర్తిగా ఆరేసరికి మధ్యాహ్నం 2 దాటుతుంది. అంటే అప్పటికే 8 గంటల తడి. సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ హెల్మెట్, మళ్లీ చెమట, ఇల్లు చేరి కొప్పు ముడి. 7 గంటల దాకా ఇంకో రెండున్నర గంటలు. మొత్తం పదిన్నర గంటలు.

తలకు పోసుకోని గురువారం సంగతి చూస్తే, పొద్దున ప్రయాణం చెమట ఆరేసరికి 10, అంటే రెండుంబావు గంటలు. సాయంత్రం రెండున్నర గంటలు. కలిపితే 5 గంటల లోపే. అంటే శుభ్రం చేసుకున్న రోజే ఆమె తల రెట్టింపు సేపు తడిగా ఉంది. షాంపూ జిడ్డును తీసింది నిజమే, అయితే మాడు మీద జీవులు మిగిలే ఉంటాయి, కొత్త జిడ్డు ఊరుతూనే ఉంటుంది. ఆ తడిలో అవి పుంజుకోవడానికి మధ్యాహ్నం దాకా సమయం దొరికింది.

ఇప్పుడు అదే స్నానాన్ని సాయంత్రం ఆరున్నరకు మారిస్తే? పొద్దున ప్రయాణం చెమట రెండుంబావు గంటలు, సాయంత్రం నాలుగున్నర నుంచి స్నానం దాకా రెండు గంటలు, జుట్టు విరబోసుకుని ఫ్యాను కింద ఆరబెట్టుకోవడానికి రెండున్నర గంటలు. మొత్తం ఆరు ముప్పావు. గంటలు తగ్గడం ఒక లాభం. రోజంతా పోగైన చెమట, దుమ్ము, జిడ్డు రాత్రంతా దిండు మీద నానకుండా అదే పూట పోవడం దానికన్నా పెద్ద లాభం.

రాత్రి తలస్నానం చేస్తే జలుబు చేస్తుందని ఇళ్లలో భయం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, తడి జుట్టు వల్ల కాదు. అయితే ఈ భయంలో పనికొచ్చే ముక్క ఒకటుంది: తడి తలతో పడుకోకూడదు. కారణం వేరైనా సలహా మంచిదే. తడి జుట్టు, దిండు మధ్య ఆరేడు గంటలు గాలి ఆడకపోతే పొద్దున జడ బిగించినదానికి ఏమాత్రం తీసిపోదు. నిద్రకు రెండు మూడు గంటల ముందు కడగలేకపోతే సాయంత్రం స్నానం వల్ల ప్రయోజనం లేదు.

పొద్దున తప్ప వీలుకాని వాళ్లకు మిగిలే దారి, కుదుళ్లను త్వరగా ఆర్పడం. తువ్వాలు చుట్టి వదిలేయడం కన్నా పాయలుగా తీసి తువ్వాలుతో అదిమితే ఎక్కువ నీరు దిగుతుంది. తర్వాత నడినెత్తి నుంచి నాలుగైదు పాపిళ్లు తీస్తూ ఒక్కొక్కటీ ఫ్యానుకు ఎదురుగా పెట్టాలి. డ్రయర్ ఉంటే వేడి తగ్గించి, జానెడు దూరం నుంచి, కొసలకు కాకుండా కుదుళ్లకు పట్టాలి. ఆరిందా లేదా అన్నది పైన తడిమితే తెలియదు. చెవుల వెనక, మెడ మీద జుట్టు మొదలయ్యే చోట వేలి వెనక వైపు ఆనించి చూడాలి. అన్నిటికన్నా చివర ఆరేది అక్కడే. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కొసలు తడిగా ఉన్నా పెద్దగా నష్టం లేదు.

తడి జుట్టు ముడి వేసే అలవాటు ఏళ్ల తరబడి సాగితే ఇంకో చిక్కు కూడా రావచ్చు. వెంట్రుక పొడవునా మెత్తటి తెల్లటి గింజల్లాంటి ముడులు కట్టే ఒక ఫంగస్ జబ్బు ఉంది. చూసినవాళ్లు చుండ్రనో, ఈపి అనో అనుకుంటారు. ఈపి వెంట్రుకకు ఒక పక్కన గట్టిగా అంటుకుని ఉంటుంది. ఈ ముడి వెంట్రుక చుట్టూ కట్టి, గోటితో లాగితే సులువుగా జారి వస్తుంది. అలా కనిపిస్తే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే, పేల మందుతో పోదు.

ఎన్ని రోజులకు ఒకసారి?

రోజూ తల కడిగితే జిడ్డు ఇంకా ఎక్కువ ఊరుతుందన్న మాట సెలూన్ల నుంచి ఫోను వీడియోల దాకా ఉంది. జిడ్డు గ్రంథులను నడిపేది ప్రధానంగా హార్మోన్లు. పైన ఎంత జిడ్డు మిగిలిందో గ్రంథికి తెలిసే మార్గం లేదు. కడిగిన మర్నాడు జిడ్డు ఎక్కువ కనిపించడానికి కారణం, శుభ్రమైన జుట్టు మీద కొత్త జిడ్డు తేలిగ్గా తెలియడమే.

జుట్టు కురచగా ఉన్న మగవాళ్లు, హెల్మెట్‌తో పని చేసేవాళ్లు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో షిఫ్టంతా టోపీ పెట్టుకునేవాళ్లు ఉక్కపోత నెలల్లో రోజూ మైల్డ్ షాంపూతో కడుక్కున్నా నష్టం లేదు, గంటలో ఆరిపోతుంది కాబట్టి. పొడవు జుట్టున్నవాళ్లకు వారానికి మూడుసార్లు, పూర్తిగా ఆరబెట్టుకోగలిగిన పూట, సరిపోతుంది. సమయం లేకుండా ఐదుసార్లు కడిగి తడిగా ముడేయడం కన్నా అది మేలు. వంకీల జుట్టు, పొడిబారే జుట్టు అయితే కొసలకు కండిషనర్ రాసుకోవాలి, మాడుకు తగలనివ్వకుండా.

మధ్య రోజుల్లో వట్టి నీళ్లు పోసుకోవడం సగం పనే. ఉప్పు, చెమట పోతాయి, జిడ్డు పోదు. పైగా జుట్టు తడుస్తుంది. కురచ జుట్టుకు బాగానే ఉంటుంది, పొడవు జుట్టుకు నష్టమే ఎక్కువ. దానికన్నా తడి గుడ్డతో నుదుటి అంచు, చెవుల వెనక, మెడ తుడుచుకుని ఆరనిస్తే మేలు.

కడిగే తీరులో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. షాంపూ నేరుగా నడినెత్తి మీద పోస్తే అక్కడే నురగ తేలుతుంది, మెడ వెనక భాగానికి చేరదు. ఒక చెంచా షాంపూను అర మగ్గు నీళ్లలో కలిపి, పాపిళ్లు తీస్తూ పోసుకుంటే మాడంతా అందుతుంది. గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తతో రుద్దాలి. రుద్దిన సమయానికి రెట్టింపు సేపు నీళ్లు పోయాలి.

బోరు నీళ్లు, సబ్బు, కుంకుడుకాయ

నీళ్ల తప్పు కొంత ఉందని పైన అన్నది ఇందుకే. ఈ ప్రాంతంలో చాలా బోర్ల నీళ్లు కఠినమైనవి, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. స్నానం నీళ్లను ఎవరూ పరీక్ష చేయించరు. గీజరులో, కాగు అడుగున తెల్లటి పొర కడుతుంటే చాలు, అర్థం చేసుకోవచ్చు.

ఒంటి సబ్బుతో తల రుద్దితే ఆ లవణాలు సబ్బుతో కలిసి కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. బకెట్టు అంచున జిగటగా పేరుకునేది అదే. బకెట్టును గీకవచ్చు, మాడు మీద ఆ మడ్డి జిడ్డుతో కలిసి వెంట్రుకల మొదట్లో పట్టుకుంటుంది. కడిగాక కూడా జుట్టు బంకగా, చిక్కుగా ఉండటం, రెండో రోజుకే వాసన రావడం దాని గుర్తులు. దానికి తోడు సబ్బు క్షార గుణం గలది, చర్మం కొంచెం ఆమ్ల గుణంలో ఉంటుంది. రోజూ సబ్బు పడితే మాడు పొడిబారి దురద పెడుతుంది.

ఇక్కడే కుంకుడుకాయ గొప్పతనం కనిపిస్తుంది. అందులో నురగ తెప్పించే సపోనిన్లు కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. చౌడు నీళ్లలోనూ పని చేస్తాయి. షాంపూల్లో వాడే శుద్ధి పదార్థాలు కూడా చాలావరకు అంతే. అంటే కుంకుడుకాయకు, షాంపూకు మధ్య తేడా జనం అనుకున్నంత లేదు, ఈ రెండింటికీ సబ్బుకూ మధ్యనే తేడా ఎక్కువ. కుంకుడు రసంతో వచ్చే ఇబ్బంది వేరు. పిప్పి సరిగ్గా వడకట్టకపోతే ముక్కలు కుదుళ్లలో ఉండిపోతాయి. రసం ఒకసారి చేసి మూడు రోజులు వాడితే పులిసి, అదే వాసన తలకు పడుతుంది. గుప్పెడు కాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి ఆ రోజే వాడేయాలి. కళ్ల మంట సంగతి చిన్నప్పుడు అమ్మ ఒళ్లో తల పెట్టిన ఎవరికైనా చెప్పనక్కరలేదు.

నీళ్లు మార్చుకునే వీలు కొంత ఉంది. స్నానమంతా బోరు నీళ్లతో చేసినా, చివరి రెండు మూడు మగ్గులు మిషన్ భగీరథ నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోసుకుంటే జుట్టు మీద మిగిలే లవణాలు తగ్గుతాయి. కొన్ని ఇళ్లలో వాటర్ ప్యూరిఫయర్ నుంచి పక్క పైపులో పోయే నీళ్లను పారబోయకుండా తలకు వాడుతున్నారు. పొదుపు మంచిదే, కానీ ఆ నీళ్లలో లవణాలు మూల నీటి కన్నా ఎక్కువ. బండలు తుడవడానికి వాడుకోవడం మేలు.

నూనె పెట్టే వేళ

తలస్నానానికి గంట ముందు కొబ్బరి నూనె పెట్టుకోవడం వెంట్రుకకు మంచిదే, నీళ్లు మరీ లోపలికి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. కష్టం వచ్చేది కడిగాక మాడుకు నూనె పట్టించి ఎండలోకి వెళ్లే అలవాటుతో. మలసేజియా నూనెల్లోని కొవ్వు ఆమ్లాలను వాడుకుని పెరుగుతుంది. జిడ్డు సరిపోనట్టు ఇంకో వంతు మేత వేసినట్టు అవుతుంది. చెమట, దుమ్ము ఆ నూనెలో అంటుకుని దిండుకు, హెల్మెట్ మెత్తకు చేరతాయి. చుండ్రు పొరలు కనపడితే మాడు పొడిబారిందని నూనె ఎక్కువ పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. పొరలు నూనెకు అణిగి ఒక పూట కనపడవు, అంతే. ఉక్కపోత నెలల్లో నూనెను కడగబోయే ముందుకు, అదీ వెంట్రుకల పొడవుకు పరిమితం చేసుకుంటే చాలు.

వాసన మీద వాసన

సాంబ్రాణి పొగ వేయడంలో మన పెద్దల తెలివి కొంత ఉంది. గంప కింద నిప్పులు, పైన పరిచిన జుట్టు. జుట్టును ఆరబెట్టింది ఆ వేడి గాలి, మంచి వాసన అదనం. ఇప్పుడు తలుపులు మూసిన ఫ్లాటులో బొగ్గు పొగ పెట్టి జుట్టు ఆరబెట్టుకోవడం ఊపిరితిత్తులకు చేటు, ఆస్తమా ఉన్న ఇంట్లో మరీను. టాల్కం పౌడరు జిడ్డును పీల్చి ఒక పూట కాపాడుతుంది కానీ చెమట తగిలితే ముద్ద కడుతుంది. నిమ్మరసం మాడుకు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం బొబ్బలెక్కి నల్లమచ్చలు పడవచ్చు. వంటసోడా క్షారం, సబ్బు చేసే చెడుపే అదీ చేస్తుంది.

వాసన తలదా, హెల్మెట్‌దా?

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తల బాగా కడిగి పూర్తిగా ఆర్పుకోవాలి. నాలుగు గంటలు హెల్మెట్, స్కార్ఫ్ లేకుండా ఉండి, శుభ్రమైన దూది ముక్కను చెవి వెనక మాడు మీద రుద్ది వాసన చూడాలి. మరో దూదిని కొద్దిగా తడిపి హెల్మెట్ లోపల నుదురు తగిలే చోట, ఇంకోదాన్ని దిండు కవరు మీద రుద్దాలి. మాడు దూదికి వాసన లేక, మిగతావాటికి ఉంటే షాంపూ మార్చి లాభం లేదు. కడిగిన తల మీద పాత జిడ్డు రోజూ తిరిగి అంటుకుంటోందన్న మాట. సొంత వాసన ముక్కుకు అలవాటైపోతుంది కాబట్టి ఇంట్లో ఇంకొకరి చేత చూపించుకోవడం మంచిది.

చాలా హెల్మెట్లలో లోపలి మెత్త ఊడి వస్తుంది. ఉక్కపోత కాలంలో రెండు వారాలకోసారి దాన్ని గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా షాంపూ వేసి పిసికి, నీడలో ఆరబెట్టాలి. లోపలి తెల్లటి థర్మోకోల్ పొర మీద పెట్రోలు, థిన్నరు లాంటివి వాడితే అది దెబ్బతింటుంది, ప్రమాదంలో కాపాడదు. హెల్మెట్‌ను స్కూటీ డిక్కీలో పెట్టి మూసేస్తే తడి అక్కడే ఉంటుంది. కింద పలచటి నూలు గుడ్డ కట్టుకుని ఆ గుడ్డను రోజూ ఉతుక్కోవడం అన్నిటికన్నా సులువు. గుడ్డ మందంగా ఉంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. దిండు కవరు వారానికి రెండుసార్లు, దువ్వెన వారానికోసారి షాంపూ నీళ్లలో.

చుండ్రు షాంపూ ఎప్పుడు?

పొరలు రాలడం, దురద, కనుబొమల దగ్గర, ముక్కు పక్కన ఎర్రబారడం ఉంటే మలసేజియా పాత్ర ఎక్కువని అర్థం. అప్పుడు 2 శాతం కీటోకొనజోల్ షాంపూ పని చేస్తుంది. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, తర్వాత ఒకటి రెండు వారాలకోసారి వాడటం మామూలు పద్ధతి. చాలామందికి అది పని చేయకపోవడానికి కారణం మందు కాదు, తొందర. నురగ తేలగానే కడిగేస్తారు. మాడు మీద 3 నుంచి 5 నిమిషాలు ఉండనివ్వాలి. ముందు మామూలు షాంపూతో జిడ్డు తీసి తర్వాత ఇది పెడితే ఇంకా బాగా అంటుతుంది. నెల వాడినా మార్పు లేకపోతే, మందంగా వెండి రంగు పొలుసులు కనపడితే, చీము పొక్కులు వస్తే అది చుండ్రు కాకపోవచ్చు. పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొలుసు కడితే తామర కావచ్చు. దానికి నోటి మందు కావాలి, షాంపూ ఒక్కటే చాలదు.

తల ఒక్కటే కారిపోతుంటే

ఫ్యాను కింద కూర్చున్నా, ఏసీలో ఉన్నా జుట్టు తడిసి చుక్కలు కారేంత చెమట పట్టడం వేరే విషయం. కొందరిలో చెమట గ్రంథులకు వెళ్లే నరాల సంకేతాలే ఎక్కువ. చిన్న వయసు నుంచే ఉంటుంది, ఇంట్లో మరొకరికీ ఉండవచ్చు, టెన్షన్ పడితే పెరుగుతుంది, నిద్రలో సాధారణంగా ఉండదు. కారంతో పట్టే చెమట అందరికీ ఉండేదే, మిరపలోని ఘాటు నోట్లో వేడిని పసిగట్టే నరాలనే తట్టి లేపుతుంది.

జాగ్రత్త పడాల్సింది పెద్ద వయసులో కొత్తగా మొదలైనప్పుడు. బరువు తగ్గుతూ, గుండె దడతో చెమటలు పడితే థైరాయిడ్ పరీక్ష అవసరం. షుగరు మందు వాడేవాళ్లకు ఆకలి, వణుకుతో హఠాత్తుగా తల చెమర్చితే షుగరు పడిపోయిందేమో వెంటనే చూడాలి. రాత్రి దిండు తడిసేంత చెమట, జ్వరం, దగ్గు, బరువు తగ్గడం కలిసి వస్తే క్షయ పరీక్ష ఆలస్యం చేయకూడదు. ఛాతీ నొప్పి, ఆయాసంతో చల్లటి చెమటలు పడితే అది వాసన సమస్య కాదు, అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. కొన్ని డిప్రెషన్ మందులూ చెమట పెంచుతాయి. మందు మీ అంతట మీరు ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పాలి.

నరాల సంకేతాల వల్ల వచ్చే చెమటకు మందులున్నాయి. అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని రాత్రి పొడి చర్మం మీద రాసి పొద్దున కడుగుతారు. నుదుటి అంచుకు పనికొస్తుంది, ఒత్తు జుట్టులో మాడంతా రాయడం కష్టం. తడి చర్మం మీద రాస్తే మంట పుడుతుంది. మాడుకు బొటాక్స్ సూదులు కొన్ని నెలల పాటు పని చేస్తాయి, ఖర్చు ఎక్కువ. గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్ మాత్రలు ఒళ్లంతా చెమట తగ్గిస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. 45 డిగ్రీల ఎండలో పనిచేసే మనిషికి చెమటే రక్షణ. హమాలీ, మేస్త్రీ, గని కార్మికుడు, డెలివరీ కుర్రాడు ఈ మాత్ర వేసుకుని మే మధ్యాహ్నం బయట తిరిగితే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఇవి కావాలని అడిగేటప్పుడు తాను చేసే పని ఏమిటో, రోజులో ఎన్ని గంటలు ఎండలో ఉంటారో డాక్టరుకు ముందే చెప్పాలి.